మార్గిట్ దగ్గర ఆగిపోయారా? మొదటి ఐదుసార్లు కొట్టకండి

ఎల్డెన్ రింగ్ గేమ్‌లో అప్పటిదాకా బానే ఆడినవాళ్లు కూడా స్టార్మ్‌వీల్ కోట ముందు మార్గిట్ అనే బాస్ దగ్గర ఒక్కసారిగా ఇరుక్కుపోతారు. కారణం వాడి దెబ్బ బలం ఒక్కటే కాదు, టైమింగ్ కూడా. కర్ర పైకెత్తి కావాలనే ఒక క్షణం ఆగుతాడు, మనం కంగారుపడి ముందే రోల్ కొట్టేస్తాం, సరిగ్గా లేచే సమయానికి కర్ర నెత్తిన పడుతుంది.

అందుకే ముందు చేతిలో ఉన్న రూన్స్ అన్నీ లెవెల్‌కి ఖర్చుపెట్టేసి, చస్తే పోతాయన్న టెన్షన్ లేకుండా లోపలికి వెళ్లి, ఓ ఐదుసార్లు అసలు కొట్టకుండా తప్పించుకోవడమే చేయండి. కర్ర ఎత్తడం చూసి కాదు, చెయ్యి కిందికి కదలడం మొదలయ్యాక రోల్ కొట్టాలి, అదీ వెనక్కి కాదు, వాడి పక్కకి. కర్ర నేలకు తగిలాక ఒక్క దెబ్బ వేసి ఆగండి. రెండోదానికి ఆశపడితే (నేను చచ్చినవి చాలావరకు అలాగే) కత్తి తీసి గీరేస్తాడు.

ఇంకోటి, దూరంగా పారిపోయి ఫ్లాస్క్ తాగితే మెరిసే బాకు విసురుతాడు. పొడవాటి కాంబో అయిపోయిన వెంటనే తాగండి.