ఆరభి పాడుతుంటే శంకరాభరణం వినిపిస్తోందా?

తిరుపతిలో వర్ణాలు, కీర్తనలు దాటి స్వరకల్పనలోకి వచ్చిన పిల్లలు ఒక మాట తరచుగా అంటారు: "అక్కా, స్వరాలన్నీ సరిగ్గానే పడుతున్నాయి, కానీ రాగం రావడం లేదు." ఆరభి దగ్గర ఈ తిప్పలు బాగా కనిపిస్తాయి. అందుకే ఆ ఒక్క రాగాన్నే తీసుకుని, ఎక్కడ చెడుతుందో, ఎలా సరిచేసుకోవాలో చెబుతాను.

ఆరభి ఆరోహణ స రి మ ప ద స. అవరోహణ స ని ద ప మ గ రి స. ఎక్కేటప్పుడు గాంధారం, నిషాదం ఉండవు, దిగేటప్పుడు ఏడు స్వరాలూ ఉంటాయి. స్వరస్థానాలన్నీ 29వ మేళమైన ధీరశంకరాభరణానివే. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

సమస్య: ఆరోహణ, అవరోహణ విడిగా పాడితే ఆరభే. స్వరకల్పనలోకి రాగానే శంకరాభరణం అవుతోంది.

ఒక అమ్మాయి ఆదితాళంలో వేసిన ముక్క చూడండి:

ప మ గ మ ప ద ని స

తాళం తప్పలేదు, శ్రుతి తప్పలేదు, బయటి స్వరం ఒక్కటీ రాలేదు. అయినా ఆరభి పోయింది. ఎందుకు పోయిందో అడిగితే ఆ పిల్ల "నిషాదం వేశాను కదా" అని తనే పట్టుకుంది. కానీ అంతకు ముందే ఇంకో తప్పు జరిగింది. పంచమం నుంచి గాంధారం దాకా దిగి, అక్కడి నుంచే మధ్యమానికి వెనక్కి ఎక్కింది. "మ గ మ" అన్న చోటే ఆరభి చెడింది.

ఆరోహణ, అవరోహణ అంటే కింది షడ్జం నుంచి పై షడ్జం దాకా ఒకసారి వెళ్లి రావడానికి మాత్రమే వర్తించే నియమం అని చాలామంది అనుకుంటారు. అది ప్రతి చిన్న మలుపుకూ వర్తిస్తుంది. దిగుతూ దిగుతూ ఎక్కడ వెనక్కి తిరిగినా, ఆ క్షణం నుంచి మీరు ఆరోహణలో ఉన్నట్టే. ఆరోహణలో గాంధారం లేదు కాబట్టి గాంధారం మీద నిలిచి పైకి తిరగడానికి దారి లేదు. రిషభం దాకా దిగాలి, అక్కడి నుంచి మధ్యమానికి దాటాలి. నిషాదానికీ ఇదే లెక్క: ధైవతం దాకా దిగి, అక్కడి నుంచి షడ్జానికి దాటాలి.

సవరణ ఇది:

ప మ గ రి మ ప ద స

ఇదీ ఎనిమిది అక్షరాలే, కాబట్టి తాళంలో ఏమీ మార్చక్కర్లేదు. శ్రుతి పెట్టె పెట్టుకుని రెండు ముక్కలూ ఒకదాని వెంట ఒకటి పాడండి. మొదటిది నున్నగా జారుతూ పోతుంది. రెండోదానిలో "రి మ" దగ్గర ఒక ఊపు, "ద స" దగ్గర ఇంకో ఊపు తగులుతాయి.

ఆ ఊపు వల్లే రాగానికి భావం వస్తోంది. కాకలి నిషాదానికీ షడ్జానికీ మధ్య అర స్వరం దూరమే. పైకి పోతూ నిషాదం మీద ఆపి చూడండి, గొంతు షడ్జం కోసం తహతహలాడుతుంది. అంతర గాంధారం కూడా మధ్యమం వైపు అలాగే లాగుతుంది. ఆరభి ఆ రెండింటినీ ఎక్కే దారిలోంచి తీసేసింది. కాబట్టి ఎక్కేటప్పుడు ఎక్కడా తపన ఉండదు, షడ్జాన్ని ఒక్క దాటులో అందుకుంటుంది. ఆరభిలో వీరం, ఉత్సాహం ఉన్నాయంటారే, వాటికి ఆధారం నా దృష్టిలో ఈ రెండు దాట్లే. "మ గ మ" వేయగానే ఒక దాటు మాయమై, దాని చోట లాలన వచ్చి కూర్చుంటుంది.

హార్మోనియం, కీబోర్డు మీద సాధన చేసేవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. ఒకటి శ్రుతిలో ఆరభి స్వరాలన్నీ తెల్ల మెట్లే. దిగి వెనక్కి తిరిగేటప్పుడు వేలు తనంతట తానే పక్క మెట్టు మీద పడుతుంది, శంకరాభరణం వచ్చేస్తుంది. కొన్నాళ్లు మెట్లు ముట్టుకోకుండా, స్వరం పేరు పలుకుతూ గొంతుతోనే కల్పన చేయండి.

సమస్య: మలుపులన్నీ సరిచేసుకున్నా దిగేటప్పుడు శంకరాభరణం ఛాయ పోవడం లేదు.

ఇది గాంధార నిషాదాల మీద నిలబడడం వల్ల వస్తుంది. అవి అవరోహణలో ఉన్నాయి కానీ విశ్రాంతి స్థానాలు కావు. "స ని ద" అన్నప్పుడు నిషాదం షడ్జాన్ని అంటిపెట్టుకుని పోవాలి. వినేవాళ్లకు దాదాపు "స స ద" అన్నట్టు ఉంటుంది. "మ గ రి"లో గాంధారం కూడా మధ్యమాన్ని అలాగే ఆనుకుని ఉంటుంది. హార్మోనియం మెట్టు ఈ పని చేయలేదు. భజన మండలిలో హార్మోనియం వాయించేవాళ్లకు నేను చెప్పేది, నిషాదం మెట్టును తాకీ తాకకుండా వదిలేయమని.

అయితే ఇది అతి చేస్తే ఇంకో గొయ్యిలో పడతారు. గాంధార నిషాదాలు పూర్తిగా మింగేస్తే మిగిలేది స ద ప మ రి స, అది శుద్ధసావేరి. దాని ఆరోహణ ఆరభి ఆరోహణే, కాబట్టి ఎక్కేటప్పుడు తేడా పట్టడానికి వీలే లేదు. మీ గొంతు రికార్డు చేసుకుని "ప మ గ రి" ఒక్కటే పదేపదే వినండి. మధ్యమానికీ రిషభానికీ మధ్య ఏదో తగిలి పోయిందనిపించాలి, అది నిలబడిందనిపించకూడదు.

సమస్య: దేవగాంధారి పాడితే ఆరభి అంటున్నారు.

ఇక్కడ స్వరాల పట్టిక చూసుకుంటే ఉపయోగం లేదు. రెంటికీ అదే ఆరోహణ, అదే అవరోహణ. అదే దారిని ఎంత తీరిగ్గా నడుస్తారన్నది తేడా. ఆరభిలో కంపనం తక్కువ, జంటలు, దాట్లు, మధ్యమకాలం బాగా నప్పుతాయి. దేవగాంధారికి విళంబం కావాలి. రిషభాన్ని దీర్ఘంగా పట్టి కదపాలి, గాంధారాన్ని మధ్యమంలో కలిపేయకుండా విడిగా వినిపించాలి. వేగం పెంచితే ఆ దీర్ఘాలకు చోటుండదు, ఆరభి వచ్చేస్తుంది.

పోల్చుకోవడానికి త్యాగరాజస్వామి ఘనరాగ పంచరత్నాల్లో మూడోదైన "సాధించెనె" ఆరభికి, "క్షీరసాగరశయన" దేవగాంధారికి సరిపోతాయి. రెండింటిలోనూ "మ గ రి" వచ్చే చోట్లు పట్టుకుని, రిషభం ఎంతసేపు నిలిచిందో చేత్తో తాళం వేస్తూ లెక్కపెట్టండి.

అన్నమయ్య సంకీర్తనలతో ఇలా పోల్చాలనుకునేవాళ్లు మన ఊళ్లో చాలామంది. రాగిరేకుల మీద రాగం పేరు ఉంది కానీ స్వరాలు లేవు. ఇవాళ మనం పాడే వరసలు చాలావరకు ఈ కాలపు విద్వాంసులు కట్టినవి, ఒకే సంకీర్తన రెండు మూడు రాగాల్లో వినిపిస్తుంది. కాబట్టి కొండ మీద మైకులో విన్న వరసను ఆధారంగా పెట్టుకునే ముందు అది ఏ రాగంలో కట్టారో నేర్పేవాళ్లను అడగండి. రేకు మీద ఉన్న రాగం పేరు చూసి ఆ వరసలో దాని లక్షణాలు వెతికితే దొరక్కపోవచ్చు.