జూనియర్ పనిలో తప్పును ఈమెయిల్‌లో ఎలా చెప్పాలి?

కొత్తగా చేరిన ఉద్యోగి తయారుచేసిన మే నెల అమ్మకాల నివేదిక క్లయింటుకు వెళ్లిపోయింది. రెండో పట్టికలో మాత్రం ఏప్రిల్ అంకెలే ఉన్నాయి. ఆ సంగతి పట్టుకున్నది క్లయింటే. ఇప్పుడు ఆ ఉద్యోగికి మీరు మెయిల్ రాయాలి.

1. ముందు ఫైలు తెరిచి చూడండి

తప్పు ఎలా జరిగిందో తెలియకుండా రాస్తే మెయిల్‌లో కోపం తప్ప ఇంకేమీ ఉండదు. పాత ఫైలును కాపీ చేసి అంకెలు మార్చడం మీ బృందంలో అలవాటైతే, ఒక పట్టిక మారకుండా మిగిలిపోవడం ఎవరికైనా జరగవచ్చు. ఇదే తప్పు పదేపదే జరుగుతుంటే మెయిల్ సరిపోదు, ఎదురుగా కూర్చుని మాట్లాడాలి.

2. సీసీలో ఎవరినీ పెట్టకండి

మేనేజరు పేరు చేర్చిన మరుక్షణం అది ఫిర్యాదు అయిపోతుంది. క్లయింటు మెయిల్‌ను ఫార్వర్డ్ చేసి పైన రెండు ముక్కలు రాయడమూ మంచిది కాదు. మీరు ఎంత మెత్తగా రాసినా చదివేవారి కళ్లు కింద ఉన్న ఘాటు మాటల మీదే ఉంటాయి. సబ్జెక్టులో "మే నివేదిక: రెండో పట్టిక" అంటే చాలు.

3. జరిగింది, దాని ఫలితం, ఇక చేయవలసింది రాయండి

"మీరు ఇంకాస్త శ్రద్ధ పెట్టాలి" అనే వాక్యం మనిషిని గాయపరుస్తుంది, ఏం మార్చుకోవాలో మాత్రం చెప్పదు. ఇలా రాసి చూడండి:

"నమస్తే. మే నివేదికలో రెండో పట్టికలో ఏప్రిల్ అంకెలు ఉండిపోయాయి. క్లయింటు గమనించి అడిగారు. సరైన పట్టిక ఈ ఉదయం నేను పంపాను, కాబట్టి ఆ విషయంలో కంగారు అక్కర్లేదు. పాత ఫైలు మీద పని చేయడం వల్ల ఇలా జరిగిందని అనుకుంటున్నాను. వేరే కారణం ఉంటే చెప్పండి. జూన్ నివేదికకు ఖాళీ ఫైలుతో మొదలుపెట్టి, పంపే ముందు ప్రతి పట్టిక మొత్తాన్నీ అసలు లెక్కతో సరిచూడండి. ఈ ఒక్కసారికి, క్లయింటుకు పంపే ముందు రోజు నాకూ చూపించండి."

"ఈ ఒక్కసారికి" అన్న మాటను తీసేయకండి. అది లేకపోతే ఇక తమను నమ్మరేమోనన్న దిగులు మిగులుతుంది.

మెచ్చుకోవాలనుకుంటే నిజంగా బాగున్నదాన్ని పేరుపెట్టి చెప్పండి: "ప్రాంతాలవారీ విశ్లేషణ స్పష్టంగా ఉంది." దాని వెనకే "కానీ" తగిలిస్తే ఆ మెప్పును ఎవరూ నమ్మరు.

4. కొన్ని మాటలు కొట్టేయండి

"ఎప్పుడూ", "కనీసం", "ఇంత చిన్న విషయం కూడా" కనబడితే తీసేయండి. నోటితో అంటే చిరునవ్వు వాటి పదును తగ్గించవచ్చు, తెరమీద ఆ వీలు లేదు.

5. మీరు అందుబాటులో ఉన్నప్పుడే పంపండి

సెలవుకు ముందు సాయంత్రం పంపితే ఆ సెలవంతా వారు దాన్నే తలచుకుంటారు. జవాబుగా "క్షమించండి, ఇకపై జాగ్రత్తగా ఉంటాను" అని మాత్రమే వస్తే వారు భయపడ్డారన్నమాట, అసలు కారణం ఇంకా బయటకు రాలేదు. అప్పుడు మరో మెయిల్ రాయకుండా ఫోను చేసి, "ఆ ఫైలు ఎలా తయారుచేశారో ఒకసారి చూపిస్తారా?" అని అడగండి.