ఆషాఢం ముందు అద్దె ఒప్పందం: సంతకానికి ముందు ఆరో నిబంధన చదవండి

హైదరాబాద్‌లో ఇల్లు మారేవాళ్ళ హడావుడి ఎక్కువగా మే చివర్లో, జూన్‌లో ఉంటుంది. పిల్లల స్కూళ్ళు తెరిచేలోపు మారాలి, ఆషాఢం రాకముందే పాలు పొంగించాలి. ఈ తొందర ఓనర్లకూ తెలుసు, బ్రోకర్లకు ఇంకా బాగా తెలుసు. "ఈ ఆదివారం టోకెన్ ఇవ్వకపోతే వేరేవాళ్ళు రెడీగా ఉన్నారు" అనే మాట ఈ రోజుల్లోనే ఎక్కువగా వినిపిస్తుంది. ఇల్లు చేజారిపోతుందన్న టెన్షన్‌లో చాలామంది ఒప్పందంలో అద్దె, అడ్వాన్సు అంకెలు మాత్రం చూసి సంతకం పెట్టేస్తారు. అసలు చిక్కు అంకెల్లో ఉండదు, తేదీల్లో ఉంటుంది. అదెలాగో ఓ కొత్త జంట కథలో చూద్దాం. వాళ్ళ పేర్లు స్వాతి, కిరణ్ అనుకుందాం.

పెళ్ళయిన కొత్తలో మియాపూర్ వైపు ఇల్లు వెతకడం మొదలుపెట్టారు. ఒకచోట మెట్రో దగ్గరే కానీ నీళ్ళకు ట్యాంకర్లే దిక్కు. ఇంకోచోట అన్నీ బాగున్నా పడమటి ఎండంతా హాల్లోనే. చివరికి మూడో అంతస్తులో ఒక డబుల్ బెడ్రూమ్ నచ్చింది. అద్దె నెలకు 22,000, అడ్వాన్సు రెండు నెలలది 44,000, మెయింటెనెన్స్ విడిగా 2,000. జూన్ 1 నుంచి పదకొండు నెలల ఒప్పందం.

కిరణ్ అక్కడికక్కడే ఫోన్ తీసి టోకెన్ పంపబోయాడు. స్వాతి ఆపింది. "ముందు అగ్రిమెంట్ డ్రాఫ్ట్ వాట్సాప్‌లో పెట్టించండి అన్నా, చూసుకుని రాత్రికల్లా పంపేస్తాం" అంది బ్రోకర్‌తో. ఆయన ముఖం కాస్త ముడుచుకుంది కానీ పెట్టించాడు. ఈ వరసే సరైనది: ముందు డ్రాఫ్ట్, తర్వాత డబ్బు. టోకెన్ చేతులు మారాక ఏ నిబంధన గురించి అడిగినా "అప్పుడే అడగాల్సింది కదా" అంటారు.

డ్రాఫ్ట్‌లో ఆరో నిబంధన దగ్గర స్వాతి ఆగిపోయింది. ఇంగ్లిష్‌లో రాసినదాని సారాంశం ఇది: "ఆరు నెలల లాకిన్ పీరియడ్ తర్వాత రెండు నెలల నోటీసు ఇచ్చి ఎవరైనా ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. దీన్ని పాటించని అద్దెదారుకు డిపాజిట్ తిరిగి ఇవ్వబడదు." లాకిన్ అంటే ఆ గడువు ముగిసేదాకా ఇల్లు వదలకూడదని.

కిరణ్‌కు ఇందులో తప్పేమీ కనిపించలేదు. "ఆరు నెలలుంటే చాలు, తర్వాత ఎప్పుడైనా వెళ్ళొచ్చు" అన్నాడు. అతని ఆఫీసులో దసరా తర్వాత కొందరిని బెంగళూరుకు పంపుతారన్న మాట నడుస్తోంది. అందుకే స్వాతి క్యాలెండర్ ముందు పెట్టుకుంది.

కిరణ్ అనుకున్నట్టయితే అక్టోబరు 1న నోటీసు ఇవ్వొచ్చు. లాకిన్ ముగిసే నవంబరు 30న ఇల్లు ఖాళీ చేసి అడ్వాన్సు తీసుకోవచ్చు. కానీ అదే వాక్యాన్ని ఇంకోలా కూడా చదవొచ్చు. నోటీసు ఇచ్చే హక్కే ఆరు నెలల తర్వాత వస్తుందనుకుంటే, అది డిసెంబరు 1కి ముందు చెల్లదు. అప్పుడు బయటపడేది జనవరి 31న. రెండు నెలల అద్దె అదనం, అంటే 44,000. సరిగ్గా అడ్వాన్సు అంత. పైగా అక్టోబరులో ఇచ్చిన నోటీసు చెల్లదని ఓనర్ అంటే, రెండో వాక్యం ప్రకారం ఆ అడ్వాన్సుకే ఎసరు.

బ్రోకర్‌ను అడిగితే వచ్చే జవాబు అందరికీ తెలిసిందే: "అదంతా ఫార్మాలిటీ మేడమ్, అందరికీ ఇదే ఫార్మాట్." స్వాతి నేరుగా ఓనర్‌కే ఫోన్ చేసింది. నిబంధన అర్థమేమిటని అడగలేదు, తేదీతో అడిగింది. "అంకుల్, మేం నవంబరు 30న ఖాళీ చేయాల్సి వస్తే నోటీసు ఎప్పుడివ్వాలి?" ఆయన తడుముకోకుండా, "లాకిన్ అయ్యాకే కదమ్మా నోటీసు, అంటే జనవరి దాకా ఉండాలి" అన్నాడు. ఆయనలో మోసమేమీ లేదు. నోటరీ పక్కన డీటీపీ షాపులో పాత కాపీలో పేర్లు మార్చి ప్రింట్ తీయించాడు, తనకు తోచిన అర్థంతో ఉన్నాడు. కిరణ్ తనకు తోచిన అర్థంతో ఉన్నాడు. ఇద్దరూ సంతకాలు పెట్టేసి ఉంటే గొడవ నవంబరులో బయటపడేది.

"చట్ట ప్రకారం పదిహేను రోజుల నోటీసు చాలు కదా" అని ఇక్కడ చాలామంది అంటుంటారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్‌లో నెలవారీ అద్దెకు ఆ గడువు ఉన్నమాట నిజమే. కానీ అది ఇరువురి మధ్య వేరే ఒప్పందం లేనప్పటి సంగతి. సంతకం పెట్టిన కాగితంలో రెండు నెలలని ఉంటే ఆ పదిహేను రోజులు పనికిరావు. అలాగే కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం తప్పినప్పుడు రాసుకున్న మొత్తమంతా కోర్టు కళ్ళు మూసుకుని ఇప్పించదు, ఆ మొత్తం దాటకుండా న్యాయమైన పరిహారమే ఇప్పిస్తుంది. అద్దెదారుకు ఇది ఊరటే, కానీ డబ్బు ఓనర్ దగ్గర ఉంటుంది, కోర్టు చుట్టూ తిరగాల్సింది మనం. నలభై నాలుగు వేల కోసం ఎంతమంది తిరుగుతారు?

స్వాతి లాకిన్ తీసేయమని పట్టుబట్టలేదు. ఆరు నెలలకే ఇల్లు ఖాళీ అయితే మళ్ళీ బ్రోకర్, మళ్ళీ సున్నాలు, ఆ బాధ ఓనర్‌ది. వాక్యం మాత్రం మార్పించింది. కొత్తగా రాసింది ఇలా ఉంది: "అద్దెదారు నవంబరు 30కి ముందు ఇల్లు ఖాళీ చేయరాదు. నోటీసు మాత్రం అక్టోబరు 1 నుంచి ఎప్పుడైనా ఇవ్వవచ్చు. నవంబరు 30కి ముందే ఖాళీ చేస్తే ఒక నెల అద్దె మాత్రమే డిపాజిట్‌లో మినహాయించబడుతుంది. ఆ తేదీలోపు యజమాని కూడా ఖాళీ చేయమని అడగరాదు." చివరి వాక్యం చాలా ఒప్పందాల్లో ఉండదు. లాకిన్ పేరుతో అద్దెదారును కట్టేసి, ఓనర్‌కు మాత్రం ఒక నెల నోటీసుతో ఖాళీ చేయించే వీలు ఇచ్చిన కాగితాలూ ఉంటాయి, చూసుకోండి.

నోటీసు వాట్సాప్‌లో పంపితే చాలా, ఉత్తరం రాయాలా అన్నది కూడా తేల్చి, ఏ నంబరుకో ఒప్పందంలోనే వేయించుకోండి. దిద్దుబాట్లు పెన్నుతో చేస్తే ప్రతి దిద్దుబాటు పక్కనా ఇద్దరూ సంతకం పెట్టాలి, కొత్త ప్రింట్ తీయించుకోవడం మరీ మేలు. పదకొండు నెలలకే ఎందుకు రాస్తారంటే, కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్ కాదు. కాబట్టి మూడేళ్ళ ఒప్పందం రాసి నోటరీతో సరిపెడదాం అంటే ఒప్పుకోకండి.

ఓనర్ వాక్యం మార్చనంటే? కనీసం "మేం అక్టోబరు 1న నోటీసు ఇచ్చి నవంబరు 30న వెళ్ళొచ్చు, అంతే కదండీ" అని మెసేజ్ పెట్టి అవునని జవాబు తెచ్చుకోండి. ఒప్పందమంత బలం దానికి ఉండదు కానీ తర్వాత మాట మారిస్తే చూపించడానికి పనికొస్తుంది. దానికీ జవాబివ్వకపోతే, ఏడాదిలోపు ఊరు మారే అవకాశం ఉన్నవాళ్ళు ఇంకో ఇల్లు చూసుకోవడమే నయం.

కిరణ్‌కు బెంగళూరు బదిలీ రాలేదు. ఏప్రిల్ 30తో గడువు ముగుస్తుంటే ఓనర్ అద్దె వెయ్యి పెంచి కొత్త ఒప్పందం పంపాడు, డీటీపీ షాపు పాత కాపీ మీదే మళ్ళీ తయారైంది. లాకిన్ ఆరు నెలలు మొదటి నుంచి మళ్ళీ మొదలు. రెన్యూవల్‌లో ఎవరూ చదవని చోటు ఇదే. "పదకొండు నెలలు ఉన్నాం కదా అంకుల్, మళ్ళీ లాకిన్ ఎందుకు?" అని స్వాతి అడిగింది. ఆయన "అరె, అది చూడనే లేదమ్మా" అని ఆ నిబంధన కొట్టించాడు. పెంచిన వెయ్యి మాత్రం తగ్గించలేదు.