ఇల్లు ఖాళీ చేశాక అడ్వాన్స్‌లో కోత పెడితే ఓనర్‌కి ఉత్తరం ఎలా రాయాలి?

బెంగళూరు మారతహళ్లిలో మూడేళ్లున్న ఇల్లు ఖాళీ చేశాం. లక్షన్నర అడ్వాన్స్‌లో ఓనర్ 40,500 పట్టుకుని మిగతాది వేశారు. పెయింటింగ్ 22,000, బాత్రూమ్ తలుపు 11,000, కుళాయిలు 6,000, దోమల మెష్ 1,500. నోటి మాటతో లాభం లేక ఉత్తరం రాశాం.

ముందు అగ్రిమెంట్ చదవండి. ఆస్తి బదలాయింపు చట్టం, 1882లోని 108వ సెక్షన్ ప్రకారం ఇంటిని తీసుకున్నప్పటి స్థితిలోనే అప్పగించాలి, కానీ మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు మినహాయింపు ఉంది. అయితే అగ్రిమెంట్‌లో వేరేగా రాసుకుంటే ఆ రాతే చెల్లుతుంది. మా దాంట్లో 'పెయింటింగ్‌కి ఒక నెల అద్దె' అని ఉంది, అద్దె 22,000. ఆ కోత మీద గొడవ పెట్టుకుంటే మిగతా వాదన కూడా పలుచనవుతుంది. అందుకే వదిలేశాం.

తర్వాత ఒక్కో కోతనూ విడదీయండి. మెష్ మా బాబు చింపాడు, ఒప్పుకున్నాం. తలుపు కథ వేరు. కింది అంచు బెత్తెడు మేర ఉబ్బి, పొర లేచింది. పగిలిన గుర్తు గానీ, గుద్దిన సొట్ట గానీ లేవు. రోజూ నీళ్లు తగిలే చోట అలా అవడం అరుగుదలే. చేరినప్పుడు తీసిన వీడియోలో అప్పటికే కాస్త ఉబ్బి కనిపించింది కూడా. ఒకవేళ మనమే పాడుచేసినా, పాత తలుపుకి కొత్త తలుపు ధర అడగడం సబబు కాదు. కుళాయిలు వాషర్లు అరిగి కారుతున్నాయి, అంతే.

ఇక ఉత్తరం. కోపం అక్కర్లేదు, పేజీ దాటక్కర్లేదు. మాది ఇలా సాగింది:

"ఓనర్ గారికి నమస్కారం. పెయింటింగ్, మెష్ కోతలకు అభ్యంతరం లేదు. తలుపు, కుళాయిలు మామూలు వాడకంతో అరిగినవి. ఫొటోలు జతచేశాను. వాటికి పట్టుకున్న 17,000 రూపాయలు 15 రోజుల్లో పంపగలరు. కాదంటే బిల్లులు, కారణం రాసి పంపండి. ఇప్పటికి అందిన 1,09,500 పాక్షిక చెల్లింపుగానే తీసుకున్నాను."

ఆ చివరి వాక్యం మర్చిపోవద్దు. 'మొత్తం లెక్క సెటిల్ అయింది' అన్న కాగితం మీద సంతకం పెట్టేస్తే తర్వాత అడగడం కష్టం.

సంతకం చేసి స్పీడ్ పోస్ట్‌లో పంపండి. రసీదు, డెలివరీ అయినట్టు చూపే ట్రాకింగ్ స్క్రీన్‌షాట్ దాచుకోండి. అదే ఉత్తరం ఫొటో వాట్సాప్‌లోనూ పెట్టండి. జవాబు వస్తే రాతలోనే మాట్లాడండి. ఫోన్ చేస్తే, పెట్టేశాక "ఇందాక మీరు ఇలా అన్నారు" అని మెసేజ్ పెట్టండి.

గడువు దాటితే లాయర్ నోటీసు, ఆపైన సివిల్ కోర్టు. దావాకు మామూలుగా మూడేళ్ల గడువుంటుంది. 17,000 కోసం కోర్టుదాకా వెళ్లేంత ఓపిక మాకైతే లేదు. ఓనర్ పన్నెండో రోజున తలుపు డబ్బులు వేసి, కుళాయిలకు మాత్రం సగమే ఇస్తానన్నారు. సరేనన్నాం.