రెజ్యూమెలకు సమాన మార్కులు వస్తే ఎవరిని పిలవాలి?

సమస్య

మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లుకు అకౌంటెంట్ కావాలనుకుందాం. ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు, అనుభవం, చదువు అనే నాలుగు అంశాలకు ఐదేసి చొప్పున 20 మార్కులు పెట్టారు. ఇంటర్వ్యూకు ఇద్దరినే పిలవాలి, కానీ ముగ్గురికి 15 చొప్పున వచ్చాయి. "మనూరి పిల్లగాడు", "పెళ్లైన ఆడపిల్ల ఎన్నాళ్లుంటుంది" అనే మాటలు సరిగ్గా ఈ దశలోనే మొదలవుతాయి. రెండో మాట అన్యాయమే కాక చట్టవిరుద్ధం కూడా, ఎందుకంటే నియామకాల్లో స్త్రీల పట్ల వివక్షను 1976 నాటి సమాన వేతన చట్టమే నిషేధించింది, 2019 వేతనాల కోడ్ కూడా లింగ వివక్షను నిషేధిస్తోంది.

కారణం

మొత్తం ఒకటే అయినా, అది వచ్చిన దారులు వేరు. మొదటి అభ్యర్థికి జీఎస్టీ 5, ట్యాలీ 5, అనుభవం 2, చదువు 3. రెండో అభ్యర్థికి 4, 4, 4, 3. మూడో అభ్యర్థికి 4, 4, 3, 4. పనిలో అన్నిటికన్నా అవసరమైన అంశానికీ, అంతగా అవసరం లేని చదువుకూ ఒకే బరువు ఇవ్వడంతో తేడా కనబడకుండా పోయింది.

పరిష్కారం

ఏ అంశాన్ని ముందు చూడాలో దరఖాస్తులు తెరవకముందే కాగితం మీద రాసుకోవాలి. అలా రాసుకోకపోతే, ఆ రెజ్యూమెలు చూడని వ్యక్తితో, ఉద్యోగ వివరాలు మాత్రమే చూపించి, వరుస రాయించాలి. ఈ మిల్లులో నెలనెలా 11వ తేదీలోగా జీఎస్టీఆర్-1, 20లోగా జీఎస్టీఆర్-3బీ దాఖలు చేయాలి కనుక జీఎస్టీ మొదటిది, ట్యాలీ రెండోది. ఆ లెక్కన మొదటి అభ్యర్థికి పిలుపు ఖాయం.

మిగిలిన ఇద్దరూ ఆ రెండింటిలోనూ సమానమే. ఇప్పుడు చదువు మార్కు చూసి మూడో అభ్యర్థిని ఎంచడం సరికాదని నా అభిప్రాయం. కనీస అర్హత దాటిన డిగ్రీ ఈ పనికి అదనంగా చేసేది తక్కువ. ఇద్దరికీ ఒకే ప్రశ్నతో, ఒకే సమయం ఇచ్చి చిన్న పరీక్ష పెట్టడం మేలు. ఉదాహరణకు, మిల్లుకు ప్రభుత్వ వడ్లు 290 క్వింటాళ్లు వచ్చాయి, క్వింటాలుకు 67 కిలోల చొప్పున పచ్చి బియ్యం తిరిగి ఇవ్వాలి, ఇప్పటికే 130 క్వింటాళ్లు అప్పగించారు. బాకీ ఎంత, దాన్ని స్టాక్ రిజిస్టరులో ఎలా చూపాలి? ఇవ్వాల్సింది 194.30, బాకీ 64.30 క్వింటాళ్లు. జవాబుకూ పద్ధతికీ విడివిడిగా ఎన్ని మార్కులో ముందే నిర్ణయించి, పేర్లు కప్పిన పేపర్లను ఇద్దరు వేర్వేరుగా దిద్దాలి.

అప్పటికీ సమానమైతే ఇద్దరినీ పిలవండి. ఒక ఇంటర్వ్యూ పెరిగితే ఖర్చయ్యేది గంట సమయమే. అది కుదరనప్పుడే, ఇద్దరికీ చెప్పి, వారి ఎదుట చీటీ తీయాలి.

ఇంకొకటి పరిశీలించాలి. ఒకే రెజ్యూమెకు ఇద్దరు వేసే మార్కుల్లో తరచూ ఒక మార్కు తేడా వస్తుంటే, 14 వచ్చినవారు 15 వారికన్నా తక్కువని చెప్పడానికి ఆధారం లేదు, కాబట్టి వారినీ ఇదే వరుసలో నిలిపి చూడాలి.