కాంక్రీటు పోయకముందే చూసుకోవలసినవి

స్తంభం బరువును నేలకు పంచే వెడల్పాటి కాంక్రీటు దిమ్మెను ఫుటింగ్ అంటారు. దాని ఇనుప జాలీ మట్టికి ఆనితే తుప్పు పడుతుంది కనుక, కింద దాన్ని ఎత్తి ఉంచే 50 మిల్లీమీటర్ల దిమ్మెలు, అంటే కవర్ బ్లాకులు, ఉన్నాయో లేదో గుంటలోకి దిగి స్వయంగా చూడాలి. వాటికి బదులు కంకర ముక్కలు పెడతానని మేస్త్రీ అంటే ఒప్పుకోవద్దు.

నేల నుంచి ఇంటి గచ్చు దాకా ఉండే ఎత్తు ప్లింత్. వేసిన ప్రతిసారీ ఎత్తు పెరిగే రోడ్డును తలచుకొని దాన్ని నిర్ణయించాలి.

తలుపు మీది గోడను మోసే దూలం లింటెల్. మూడడుగుల తలుపుకు రెండు వైపులా ఆరేసి అంగుళాలు గోడపై ఆనేలా నాలుగడుగుల లింటెల్ కావాలి. ప్రధాన కడ్డీలు అడుగున ఉండాలి.

పైకప్పుగా వేసే స్లాబుకు 20 మిల్లీమీటర్ల కవర్ బ్లాకులు సరిపోతాయి. కరెంటు పైపులు పోతకు ముందే అమర్చాలి.