కారు క్లెయిమ్ లెక్కలు – 4వ పాఠం: కంపెనీ పార్టా, బయటి పార్టా?

పోయిన పాఠంలో ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున నష్టం లెక్కగట్టే సర్వేయర్ ఎస్టిమేట్‌ను ఎలా చదవాలో చూశాం. ఈసారి అదే ఎస్టిమేట్‌లో పార్టుల ధరల దగ్గర ఆగుదాం. గొడవలు ఎక్కువగా మొదలయ్యేది అక్కడే.

ముందు పార్టుల్లో రకాలు. కారు కంపెనీ పేరున్న డబ్బాలో, పార్ట్ నంబరుతో వచ్చేది ఒరిజినల్. నిజానికి చాలా పార్టులను కారు కంపెనీ సొంతంగా చెయ్యదు. హెడ్‌లైట్ ఒకరు, అద్దం మరొకరు చేసి ఇస్తారు. ఆ తయారీదారే అలాంటి పార్టును తన సొంత బ్రాండు పేరుతో బయట అమ్మితే అది రెండో రకం. కారు కంపెనీతో సంబంధం లేని వాళ్లు అదే కొలతలకు చేసి, తమ పేరుతోనే అమ్మేది మూడో రకం. ఈ రెండూ బయటి పార్టులే, రెండూ చట్టబద్ధమే. కంపెనీ లోగోను దొంగతనంగా అచ్చేసిన నకిలీ సంగతి వేరు. షెడ్డుల్లో అన్నిటినీ కలిపి 'డూప్లికేట్' అనేస్తారు కాబట్టి, ఆ మాట వినగానే ఏ రకమో అడగండి.

మన దేశంలో ప్రామాణిక కారు పాలసీ ఒరిజినల్ పార్టే వేస్తామని మాట ఇవ్వదు. పాక్షిక నష్టానికి 'వాస్తవమైన, సహేతుకమైన' ఖర్చును, తరుగుదల తీసేసి ఇస్తామంటుంది. కాబట్టి సర్వేయర్ మొదట చూసేది పార్టు మార్చాలా, డెంటింగ్‌తో సరిపోతుందా అని. మార్చాల్సిందే అయితే బండి ఎక్కడుందో చూస్తాడు. కంపెనీ సర్వీస్ సెంటర్లో ఉంటే అక్కడ వాడేది ఒరిజినలే, లెక్కా దాని ధరకే. బయటి గ్యారేజీలో ఉంటే వేసిన పార్టుకు నిజంగా అయిన ధరే ఒప్పుకుంటాడు. ఎయిర్‌బ్యాగ్ లాంటి భద్రతా పార్టుల్లో మాత్రం చౌక ధర కోసం చూడకూడదు. అక్కడ మీరూ బేరానికి దిగకండి.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. ధరలు ఊహించినవి, తరుగుదల రేట్లు అసలైనవే. కారు వయసు 3 ఏళ్ల 4 నెలలు. ముందు బంపర్, ఒక హెడ్‌లైట్, ఇనుప ఫెండర్ పోయాయి. ప్లాస్టిక్‌కు తరుగుదల 50 శాతం. ఈ వయసు బండికి ఇనుప భాగాలపై 25 శాతం. హెడ్‌లైట్‌ను ప్లాస్టిక్ కింద లెక్కేద్దాం.

ఒరిజినల్ అయితే బంపర్ 6,000, హెడ్‌లైట్ 8,000, ఫెండర్ 4,000, మొత్తం 18,000 రూపాయలు. ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చేది 3,000 + 4,000 + 3,000, అంటే 10,000. మీ జేబు నుంచి 8,000. బయటి పార్టులైతే 3,000, 5,000, 2,000, మొత్తం 10,000. ఇన్సూరెన్స్ కంపెనీ వాటా 1,500 + 2,500 + 1,500, అంటే 5,500. మీది 4,500. లేబర్, పెయింట్, తప్పనిసరి మినహాయింపు (1500 సీసీ వరకు కార్లకు 1,000 రూపాయలు) ఇందులో కలపలేదు.

చౌక పార్టు వల్ల ఇన్సూరెన్స్ కంపెనీకి 4,500 మిగిలితే, మీకూ 3,500 మిగిలింది. తరుగుదల శాతంలో ఉంటుంది కాబట్టి పార్టు ఖరీదు పెరిగేకొద్దీ మీ వాటా కూడా పెరుగుతుంది. అదే తరుగుదల కోత లేకుండా చేసే జీరో డెప్ కవర్ ఉంటే మీ వాటా రెండు చోట్లా సున్నా. అప్పుడు ఒరిజినల్ అడగకపోవడానికి మీకు కారణమే లేదు, చౌకగా తేల్చాలన్న ఆసక్తి ఇన్సూరెన్స్ కంపెనీ ఒక్కదానికే ఉంటుంది. సర్వేయర్‌తో మాట్లాడే ముందు మీరు ఈ రెండింటిలో ఎటువైపున్నారో తెలుసుకోండి.

ఎక్కువగా జరిగే మోసం పార్టు ఎంపికలో కాదు, బిల్లులో. ఒరిజినల్ ధర వేసి బయటి పార్టు బిగిస్తారు. పై లెక్కలో అలా చేస్తే మీరు 8,000 కట్టి 10,000 విలువైన పార్టులు తీసుకున్నట్టు. మిగతా 8,000 గ్యారేజీకి. దీన్ని పట్టుకోవాలంటే బిల్లులో ప్రతి పార్టుకూ పార్ట్ నంబరు రాయించుకోండి, బిగించకముందే డబ్బా మీది లేబుల్‌తో కలిపి ఫొటో తీయండి. హెడ్‌లైట్ వెనక, అద్దం మూలన తయారీదారు ముద్ర ఉంటుంది. బానెట్‌కూ ఫెండర్‌కూ మధ్య సందు రెండు వైపులా సమానంగా లేకపోతే బిగింపులోనో పార్టు కొలతలోనో తేడా ఉండొచ్చు, అడగండి. రిపేరు అయ్యాక సర్వేయర్ రీ-ఇన్‌స్పెక్షన్‌కు వస్తే మీరూ పక్కనే ఉండండి.

అభ్యాసం: అదే కారుకు ముందు అద్దం పగిలింది. కంపెనీ లోగో ఉన్నది 9,000, అదే తయారీదారు సొంత బ్రాండుతో అమ్మేది 6,000. జీరో డెప్ లేదు. ఏది వేయించుకుంటారు? అద్దాలకు తరుగుదల లేదన్నది గుర్తుపెట్టుకుని, ఆ 3,000 తేడా ఎవరి మీద పడుతుందో లెక్క కట్టండి. జవాబు, పెయింట్ లెక్క 5వ పాఠంలో.